ఆరు వందల జంపఖానాలు

కాలిపోయిన దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం కంటే దరిద్రపు పని లోకంలో ఇంకోటి లేదు. వచ్చేపోయే ప్రతివాడూ ఆగుతాడు, అయ్యో అంటాడు, ఆ వెంటనే ఎంత పోయిందని అడుగుతాడు. ఎంత పోయిందో తెలిస్తే వీరస్వామి ఆ కుర్చీలో ఎందుకు కూర్చుంటాడు?

తార్నాకలో హాస్టల్ పిల్లలకు పరుపులు, దిండ్లు, జంపఖానాలు అమ్మే దుకాణం అది. పద్దెనిమిదేళ్ల కింద జనగామ వైపు నుంచి వచ్చిన వీరస్వామి, తెనాలి నుంచి వచ్చిన శ్రీనివాసరావు చెరిసగం పెట్టుబడితో తెరిచారు. సరుకు కొనడం, లెక్కలు రాయడం శ్రీనివాసరావు పని. అమ్మడం, బిల్లు రాయడం వీరస్వామి పని. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టింది లేదు. నమ్మకం అంటే అంతే మరి, తనిఖీ ఉంటే అది నమ్మకం ఎందుకవుతుంది?

రెండు వేల పది ఫిబ్రవరి. తెలంగాణ ఉద్యమం ఉడికిపోతున్న రోజులు. బంద్ నాడు షట్టర్ వేసి ఉండగా మీటరు దగ్గర వైర్లు అంటుకున్నాయి. ఫైరింజన్ వచ్చేసరికి లోపల మిగిలింది బూడిదా, ఇనుప రాకులూ. పుస్తకాలు మాత్రం శ్రీనివాసరావు ఇంట్లో ఉండబట్టి బతికాయి.

నాలుగో రోజు ఇన్సూరెన్సు సర్వేయర్ వెంకటేశం వచ్చాడు. రెండు గంటలు బూడిదలో తిరిగి, మసి చేతులు కడుక్కుని, పక్క ఇరానీ హోటల్‌లో ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి కాగితం తీశాడు.

"కాలిన సరుకును ఎట్ల లెక్కపెడతరు అంటరు గదా, చూడుండ్రి" అన్నాడు. "పోయిన ఏప్రిల్ ఒకటిన మీ దగ్గర నాలుగు లక్షల సరుకు ఉన్నది. అప్పటి నుంచి మంట నాటికి పదమూడు లక్షలది కొన్నరు. మొత్తం పదిహేడు. అమ్మింది పదహారు లక్షలు. గడిచిన మూడేండ్ల లెక్కలల్ల నూరు రూపాయలకు అమ్మితే ఇరవై ఐదు మీ లాభం, డెబ్బై ఐదు సరుకు ఖరీదు. గా లెక్కన పదహారు లక్షల అమ్మకంల సరుకు ఖరీదు పన్నెండు లక్షలు. పదిహేడుల పన్నెండు తీసేస్తే?"

"అయిదు" అన్నాడు శ్రీనివాసరావు, గుండెల మీద చెయ్యి వేసుకుని. పాలసీ ఆరు లక్షలకు ఉంది. అయిదు వస్తే మళ్లీ తలెత్తుకోవచ్చు.

"ఆగుండ్రి సార్. ఈ లెక్కకు ఒక్కటే నమ్మకం. బిల్లు లేకుంట ఏదీ బయటికి పోలేదు, అమ్మనిదంతా దుకాణంలనే ఉన్నది అని." వెంకటేశం గొంతు మారింది. "డిసెంబర్ల మీరు ఆరు వందల జంపఖానాలు కొన్నరు. ఒక్కోటి రెండు వందలు, లక్షా ఇరవై వేలు. అమ్మినట్టు ఒక్క బిల్లు లేదు. గట్టిగ కట్టిన నూలు మూటలు పైన మాడుతయి గని నడిమిట్ల మిగులుతయి. ఆ రాక్ కింద పిడికెడు నూలు లేదు. మిగిలిన సరుకంతా లెక్కకు అటుఇటుగ సరిపోయింది. జంపఖానాలు మంటకు ముందే ఎటో పోయినయి."

వెంకటేశం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బజార్ల ఒక మాట నడుస్తున్నది. ఆంధ్రా పార్ట్‌నర్ సరుకు బెజవాడకు తోలి, దుకాణానికి అంటుబెట్టిండని. నేను నమ్ముతలేను. గని రిపోర్టుల సరుకు తీసేసిండ్రని రాస్తే క్లెయిమ్ పోతది. కేసు కూడా అయితది."

శ్రీనివాసరావు ముఖం తెల్లబడిపోయింది. "ఏమండీ, పద్దెనిమిదేళ్లు! నా దుకాణం నేను తగలబెట్టుకుంటానా?" అని, పక్కకు తిరిగాడు. "ఒరే వీరా, నువ్వు చెప్పరా ఆయనకి. నేను ఎక్కడికైనా ఒక్క గుడ్డముక్క పంపానా?"

వీరస్వామి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నోరు మూసుకుంటే స్నేహితుడు జైలుకు పోతాడు, తెరిస్తే స్నేహం పోతుంది. ఏది పోయినా తన చేతి మీదుగానే.

"శీనన్న పంపలే. నేనే ఇచ్చిన" అన్నాడు. "యూనివర్సిటీ క్యాంపస్‌ల తెలంగాణ దీక్ష టెంట్లకు. పిల్లలు చలికి ఉత్త నేల మీద పండుతున్నరు. బిల్లు రాయలే. పైస తీసుకోలే."

శ్రీనివాసరావు ఆశ్చర్యంగా చూశాడు. ముఖంలో కోపం లేదు. "అంతేనా? హమ్మయ్య! దాని కోసం ఇంత గింజుకున్నావా వెధవా? మంచి పనే చేశావు" అన్నాడు. నవ్వబోయాడు కూడా. ఆ నవ్వు వీరస్వామి చూడలేకపోయాడు. తిట్టినా బాగుండేది.

"నోటిమాట నడవదు. నేను కండ్లార చూడాలె" అన్నాడు వెంకటేశం.

ముగ్గురూ ఆటోలో క్యాంపస్‌కు పోయారు. ఆర్ట్స్ కాలేజీ ముందు టెంట్ల కింద నీలిచారల జంపఖానాలు పరిచి ఉన్నాయి. అంచున దుకాణం గుర్తు కుట్టి ఉంది. వెంకటేశం వంగి చూసి రాసుకున్నాడు. టెంటు లెక్కలు చూసే పద్మశ్రీ అనే ఎంఏ విద్యార్థిని రిజిస్టరు తెచ్చింది. తేదీల వారీగా ఆరు వందలూ అందులో ఉన్నాయి.

"మా వీరస్వామన్న లేకుంటే మేం చలికి సచ్చిపోతుంటిమి సార్" అంది ఆ పిల్ల. శ్రీనివాసరావు ఎవరో దానికేం తెలుసు? "పార్ట్‌నర్‌కు తెల్వకుంట తెచ్చిండు. ఆయన ఆంధ్రాయన, తెలిస్తే ఒక్కటి గూడ ఇయ్యనియ్యడు అన్నడు. అందుకే అన్న బిల్లు రాయలే."

మాట అనేసి పిల్ల రిజిస్టరు మూసింది. వీరస్వామి తల నేలలోకి దిగిపోయింది. అవును, ఆ మాట తను అన్నాడు. పొగుడుతున్న పిల్లల మధ్య, నాలుగు చప్పట్ల కోసం, అలవోకగా అన్నాడు. అన్ననాడు అది అబద్ధమని తనకూ తెలుసు.

శ్రీనివాసరావు వంగి ఒక జంపఖానా మడత సరిచేశాడు. "అడిగావురా నన్ను?" అన్నాడు మెల్లగా. "ఒక్కసారి అడిగి ఉంటే, ఇవ్వనన్నానా?"

"లక్షా ఇరవై తీసేసి రాయండి సర్వేయర్ గారూ" అన్నాడు శ్రీనివాసరావు, వెంకటేశం వైపు తిరిగి. "మూడు లక్షల ఎనభై వేలు. మేము ఇచ్చింది మాకు కాలినట్టు రాసుకోవడం తప్పు. ఆ జంపఖానాల్లో సగం ఖరీదు నా ఖాతాలో వేసుకుంటాను. నేనూ ఇచ్చినట్టే."

రిపోర్టు అలాగే పోయింది. శ్రీనివాసరావు మీద ఏ మచ్చా లేదని తేలింది. బజారు నోరు మూసుకుంది, అదీ వారం రోజులే లెండి. మార్చి నెలాఖరున మూడు లక్షల ఎనభై వేల చెక్కు వచ్చింది. మళ్లీ రాకులు కొందాం, చిన్నగా మొదలుపెడదాం అని చెప్పుకుంటూ వీరస్వామి అంబర్‌పేట్‌లో శ్రీనివాసరావు ఇంటికి పరుగెత్తాడు. దారి పొడవునా క్షమాపణ మాటలు కూర్చుకున్నాడు.

తలుపు తీసిన శ్రీనివాసరావు లోపలికి రమ్మన్నాడు, కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. బల్ల మీద భాగస్వామ్యం రద్దు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. పైసా తేడా లేకుండా చెరిసగం.

"శీనన్నా, నన్ను తిట్టు. కొట్టు. గిట్ల మాత్రం చెయ్యకు" అన్నాడు వీరస్వామి.

శ్రీనివాసరావు పెన్ను మూత తీసి, ఆ పెన్ను రెండు చేతులతో అతనికి అందించాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి, వీరస్వామి గారూ" అన్నాడు.