బువ్వ దగ్గర గొంతు దించినవు

వంటావార్పులో జ్ఞానేశ్వరి పాడిన పాట నెట్‌లోకి ఎక్కింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సిద్దిపేట జనమంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని తిన్న రోజు అది. వీడియో కింద బోలెడన్ని కామెంట్లు. అన్నీ ఒకటే: జై తెలంగాణ.

"బర్రె అరిసినా గదే రాస్తరు," అంటూ జ్ఞానేశ్వరి హుస్సేన్ బీ కుట్టు మిషను పక్కన కూలబడింది. "పాట ఎట్లున్నదో ఒక్కరన్న చెప్పిన్రా? నడిమిట్ల ఎల్లన్న డప్పు కాపుకుంటనని పొయ్యికాడికి పాయె. నా గొంతు పడిపాయె. ఆదివారం మళ్ల వంటావార్పట. నేను ఉల్లిగడ్డలు కోస్త గని పాడ."

భర్త పోయాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చిన హుస్సేన్ బీకి ఎక్కడ చోటు దొరికితే అక్కడ రాయాలని ఉబలాటం. వెంటనే మతీన్ నెట్ సెంటర్‌కు పోయి, కీబోర్డును కోడిలా పొడిచి "సూపర్" అని పెట్టి వచ్చింది.

సాయంత్రం జ్ఞానేశ్వరి మళ్లీ వచ్చింది. "జాకిట్టుకూ సూపరే, పాటకూ సూపరేనా? అసలు విన్నవా నువ్వు?"

వినలేదు. తాను కుట్టిన జాకెట్టు చంక దగ్గర ముడత పడిందా అని చూసింది, అంతే.

మరునాడు నెట్ సెంటర్‌లో కళ్లు మూసుకుని విన్నది. మొదటి చరణంలో జ్ఞానేశ్వరి గొంతు చిరిగేలా అరిచింది. ఆ తప్పు ఇంటికాడ చెప్పొచ్చు, ఊరందరి ముందు రాయడం ఎందుకు? కొడుకు కోసం చూసే తల్లి పాట. రెండో చరణంలో డప్పు ఆగింది. హుస్సేన్ బీ కళ్లు తెరిచింది.

"మతీన్, ఈ జాగ ఎట్ల చూపియ్యాలె?"

"టైం రాయి చాచీ. దాన్ని నొక్కితే వీడియో సీదా గాడికే పోతది."

ఆమె మళ్లీ కీబోర్డును పొడవడం మొదలుపెట్టింది.

"2:14. డప్పు ఆగినా నువ్వు గట్టిగ అరవలే. 'బువ్వ సల్లారింది రా' అని పక్కన కూసున్నోనికి చెప్పినట్టు మెల్లగ అన్నవు. 'కొడుకా' అనే ముందు జరంత ఆగినవు. నాకు మా ఆయన కోసం మూత పెట్టిన పళ్లెం యాదికొచ్చింది."

తెల్లారేసరికి కింద కొత్త మాటలు చేరాయి. టైం నొక్కి చూసిననని ఒకరు, ముందు గమనించలేదని ఇంకొకరు.

"గొంతు పడిపోయిందనుకున్న నే," అంది జ్ఞానేశ్వరి.

"దించినవు."

"దించలే. భయపడ్డ."

"ఆదివారం గూడ గాడ జర భయపడు. మొదటి చరణంల మాత్రం అరవకు, పొయ్యిల మంట ఆరిపోతది."

జ్ఞానేశ్వరి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆదివారం ఉల్లిగడ్డలు వేరేవాళ్లు కోశారు. రెండో చరణం రాగానే ఎల్లన్న డప్పు ఆపి, మీసం దువ్వుకుంటూ పొయ్యి దగ్గరికి నడిచాడు. జ్ఞానేశ్వరి గొంతు దించింది. గంటెలు కూడా ఆగాయి.

ఆ ఉపాయం తనదేనని ఎల్లన్న అన్నం వడ్డించేదాకా అందరికీ చెప్పాడు.