ఆదికి దుడ్లెవరిస్తారు

జనవరి దాటినా జాస్మిన్ వీడియోలు చూసేవాళ్లు తగ్గలేదు. తగ్గింది డబ్బే. పండగల ముందు ప్రకటనలకు మంచి ధర పలికింది. పండగలు కాగానే కంపెనీలు చేతులు ముడుచుకున్నాయి. అంతేమంది చూసినా సగం కూడా రాలేదు. జాకెట్టు కత్తిరించడం తాను మునుపటికంటే బాగానే చెబుతోంది. దాన్ని కొలిచే కొలబద్ద మాత్రం వేరెవరి చేతిలోనో ఉంది.

ప్రొద్దుటూరు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే పని మానేసి ఏడాదయింది. జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రి వెనక, అమ్మ నరసమ్మ కుట్టుమిషన్ పెట్టుకున్న ముందు గదిలోనే వీడియోలు తీస్తుంది. స్కూలు ప్రిన్సిపాల్ సోమవారం ఫోన్ చేశాడు. లెక్కల టీచరు వెళ్లిపోయిందట. "వస్తావా రావా, శనివారం లోపల చెప్పమ్మా" అన్నాడు. వెళితే పొద్దున బస్సెక్కి సాయంత్రం దిగడం. ఛానెల్ ఇక ఉండదు.

"పో, ఒప్పుకో" అంది నరసమ్మ, మిషన్ ఆపకుండానే. "నెలకింత అని చేతికొస్తాది. దీంట్లో ఎప్పుడొస్తాదో ఎంతొస్తాదో ఆ దేవునికే ఎరుక."

"ప్రకటనలొక్కటే నమ్ముకుంటే అంతేమా. వేరే దారులు చూస్తాండా గదా."

"చూస్తానే ఉండావు."

అది నిజం. మొదటి దారి, జాకెట్టు నమూనా ఫైలు; కుట్టేవాళ్ల మాటలో ఆది. ముప్పైనాలుగు సైజు నుంచి నలభైరెండు దాకా ముందుభాగం, వీపు, చేతులు, పట్టీ, అన్నీ అసలు కొలతలో గీసింది. మామూలు కాగితాల మీద ప్రింటు తీసి, అంచులు అతికించుకుని, గుడ్డ మీద పరిచి కత్తిరించడమే. ధర తొంభైతొమ్మిది. రాత్రిళ్లు కూర్చుని నెలరోజులు చేసింది. మొదటి వారం ముప్పై మంది దాకా కొన్నారు. రెండో వారం నలుగురు. తర్వాత ఎవరూ లేరు.

ఎందుకు లేరో మంగళవారం తెలిసింది. చర్చి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో, వందనాలకీ వాక్యానికీ మధ్య, తన ఫైలే తనకు వచ్చింది. కింద ఎవరో రాశారు: "అక్కలారా, శానా మంచి ఆది. కావాల్సినోళ్లు తీసుకోండి."

నరసమ్మ తొంగి చూసింది. "మంచి ఆదే" అంది.

"అది నాదేమా."

"నీదేలే. మంచిదే అంటాండా."

జాస్మిన్ ఫోన్ బోర్లించి పెట్టింది. పేరు ప్రతి పేజీలో ఉంది. ఇతరులకు ఇవ్వవద్దని మొదటి పేజీలో ఎర్రక్షరాల్లో ఉంది. ఆ ఎర్రక్షరాలతో సహా ఊళ్లు తిరుగుతోంది.

రెండో దారి, ఛానెల్‌లో నెలనెలా డబ్బు కట్టి చేరే సభ్యత్వం. ఆ బటన్ ఆర్నెల్ల కిందటే పెట్టింది. నూరు కడితే ముప్పై ఛానెల్ నడిపే కంపెనీ ఉంచుకుంటుంది, మిగిలింది తనకు. చేరినవాళ్లకు వీడియోలు రెండు రోజులు ముందు చూపిస్తానంది. పదకొండు మంది చేరారు. అందులో ఇద్దరు స్కూల్లో పాత స్నేహితులు, ఒకరు పిన్నమ్మ కూతురు. రెండు రోజులు ఆగితే ఊరికే కనబడేదానికి డబ్బెందుకు కట్టాలని మిగతావాళ్లు అనుకుని ఉంటారు. తనైనా అంతే అనుకునేది.

మూడో దారి కోసం బుధవారం ప్రొద్దుటూరు పోయింది. బట్టల బజారులో అబ్దుల్ వాహిద్‌కు మ్యాచింగ్ సెంటర్ ఉంది. లైనింగు గుడ్డ, దారాలు, హుక్కులు, ఫాల్సులు. నరసమ్మ పాతికేళ్లుగా ఆయన దగ్గరే కొంటుంది. పెద్ద వీడియో ఒకటి చేస్తే డబ్బిస్తానని ఆయనే కబురు పెట్టాడు.

"రా పాపా. అమ్మ బాగుందా? టీ తాగుతావా?" అన్నాడు. తెల్ల లైనింగు తాను ఒకటి బల్ల మీద విప్పి పరిచాడు. "ఇదే. పట్టుకుని చూడు, దూది మాదిరుంటాది. నువ్వు చెప్పేదేమీ లేదు. కత్తిరించేటప్పుడు మా అంగడి పేరు చెప్పు, చాలు."

"చెప్తా మామా. మొదట్లోనే డబ్బులు తీసుకుని చేసిన వీడియో అని కూడా రాస్తా. అది రాయాల."

"అట్ల రాస్తే ఎవురు నమ్ముతారే?"

"రాయకపోతే తప్పు మామా."

వాహిద్ సరే రాసుకో అన్నాడు. "ఇంకోటి. నువ్వు ప్రతిసారీ లైనింగును నీళ్లలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేసి కత్తిరించమంటావు గదా. ఈసారికి అది వద్దు. మా గుడ్డ ముడుచుకోదని చెప్పు."

"ముడుచుకోదా?"

"కొంచెం. ఏ నూలుగుడ్డ ముడుచుకోదు పాపా? నానేయాలంటే ఎవురు కొంటారు? పాలిస్టరు కొంటారు, ఆ అంగడికి పోతారు."

"నేను చెప్పలేను మామా. ఒక్క ఉతుకుకు జాకెట్టు పైకి లేస్తే తిట్టేది నన్నే."

"నాలుగు మాటలకు అంత దుడ్లిస్తానంటే, ఆ నాలుగే కుదరవంటావు. మీ అమ్మ అట్ల కాదు, ఒకమాటకు వచ్చేది" అన్నాడు వాహిద్, గుడ్డ చుట్టేస్తూ.

టీ చల్లారిపోయింది. తాగకుండానే లేచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ప్రిన్సిపాల్‌కు ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంది. వస్తాను సార్. అంతే, రెండు మాటలు.

గురువారం పొద్దున, చేతిసంచితో ఒకామె గడప ముందు నిలబడింది. యాభై దాటి ఉంటుంది. తొండూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చానంది. పేరు భారతమ్మ.

"వీడియోల్లో ఉండేది నువ్వేనా? అందులో లావుగా కనపడతావే" అంటూ లోపలికొచ్చి కూర్చుంది. సంచిలోంచి ఒక జాకెట్టు, ఒక కాగితాల కట్ట తీసింది. కాగితాలు అన్నం మెతుకులతో అతికించి ఉన్నాయి. "నీ ఆది పెట్టి మా ఊళ్లో తొమ్మిది మందిమి కుట్టుకున్నాం. తొమ్మిది మందికీ చంక కాడ పట్టేసింది. చెయ్యి ఎత్తనీదు. పులివెందుల్లో మా ఆడబిడ్డకూ అంతే. ఏంది పాపా ఇది?"

జాస్మిన్ ఆ కాగితాల వంక చూసింది. ఎర్రక్షరాలు అట్లే ఉన్నాయి.

"తొమ్మిది మందిలో కొన్నదెవురు పెద్దమ్మా?"

"మా కోడలు కొన్నిండాది."

"మిగతా ఎనిమిది మంది?"

"మా కోడలి ఆదే గదా."

"నెలరోజులు కూర్చుని గీసినాను. ఇతరులకు ఇయ్యద్దని పైనే రాసినా. ఊరంతా పంచుకుని, బాగలేదని మళ్లీ నన్నే అడగను వచ్చినావా?"

గొంతు తాననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. భారతమ్మ మాత్రం నొచ్చుకోలేదు. నిజంగానే అర్థం కానట్టు చూసింది.

"ఆదికి దుడ్లెవరిస్తారు పాపా? నా జాకెట్టు పక్కింటామెకు ఆదికిస్తా. ఆమె ఇంకొకామెకు ఇస్తాది. అడిగితే లేదంటామా? మీ అమ్మ మిషను కాడ ఎవురి ఆదికన్నా దుడ్లు తీసుకునిందా, అడుగు."

నరసమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

జాస్మిన్ ఆ కాగితాలు తీసుకుని పరిచింది. టేపు తీసి కాగితం మీద వేసింది. చేతి పొడవు తాను ఆరంగుళాలు గీసింది. కాగితం మీద అయిదూ ముప్పావే ఉంది. ఛాతీ దగ్గర వేసింది. అక్కడా తక్కువే. మళ్లీ వేసింది.

"ఇది యాడ ప్రింటు తీయించినారు?"

"జిరాక్సు అంగట్లో. పిల్లోడు తీసిచ్చినాడు."

అర్థమైంది. జిరాక్సు అంగట్లో ఆధార్ కార్డులూ హాల్ టికెట్లూ అంచులు తెగకుండా రావాలని, ఏది తెచ్చినా పేజీకి సరిపోయేట్టు కుదించి తీస్తారు. వాళ్లకు అదే అలవాటు. అసలు కొలతలోనే తీయాలని తాను లోపలి పేజీలో రాసింది. ఎవరు చదువుతారు? కొలిచి చూసుకోను రెండంగుళాల గడి ఒకటి మూలన గీసి ఉంటే, టేపు పట్టుకున్న ఏ ఆడమనిషైనా కత్తెర వేసేముందే కనిపెట్టేది. అది గీయలేదు. పేరుకు తాను లెక్కల టీచరు.

"తప్పు నాదీ ఉంది పెద్దమ్మా" అంది. ఆమె జాకెట్టు తీసుకుని చంక కుట్లు విప్పింది. లోపల వదిలిన గుడ్డ ఉంది, అదృష్టం. రెండు పక్కలా పావంగుళం వదిలి, చంక వంపు ఎంత తీయాలో సుద్దతో గీసి చూపించి, మళ్లీ కుట్టింది. భారతమ్మ తొడుక్కుని చెయ్యెత్తింది. దించింది. మళ్లీ ఎత్తింది.

"ఎంతియ్యాల?"

"ఏమీ వద్దులే."

"వద్దంటావేంది? ఆదికియ్యంగానీ పనికి ఎగ్గొట్టేవాళ్లమా? తక్కిన ఎనిమిది మందికీ ఏది సరిచేయాలో నువ్వు చెప్తే వాళ్లూ ఇస్తారు. ఈడికి రాలేరు. ఫోన్లో చూసి చెప్తావా?"

ఆమె నోటు మిషన్ మీద పెట్టి, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. జాస్మిన్ ఆ నోటు అట్లే చూస్తూ కూర్చుంది. ఆర్నెల్లుగా ఇక్కడ ఎవరూ కొనని దాన్ని అమ్ముతోంది. కొనేదాన్ని కామెంట్ల కింద ఊరికే ఇచ్చేస్తోంది. రోజూ పాతిక మంది అడుగుతారు: భుజం జారుతోంది, వీపు ఉబ్బుతోంది, ఏం చేయాలి? కూర్చుని అందరికీ జవాబు రాస్తుంది.

ఆ సాయంత్రం ఫైలు ధర తీసేసింది. ప్రతి పేజీ మూలనా రెండంగుళాల గడి గీసి, కొలిచినాకనే కత్తెర వేయండని పక్కనే పెద్దగా రాసి, ఎవరికైనా ఇచ్చుకోండని ఊరికే పెట్టింది. డబ్బిచ్చి కొన్నవాళ్లకు మొదటి నెల సభ్యత్వం డబ్బు వదిలేస్తానంది. సభ్యత్వం కింద పాత మాట చెరిపి కొత్తది రాసింది: కుట్టిన జాకెట్టు తొడుక్కుని ఫోటో పంపండి. శుక్రవారం సాయంత్రం సభ్యులకు మాత్రమే లైవ్. ఎక్కడ విప్పాలో, ఎంత వదలాలో చెబుతాను.

తర్వాత వాహిద్‌కు ఫోన్ చేసింది.

"మామా, లైనింగు నువ్వే నానేసి, ఇస్త్రీ చేసి, జాకెట్టు కొలతకు కోసి అమ్ము. అసలు కొలతలో నా నమూనా కాగితం ఒక్కో ప్యాకెట్లో పెడతా. ప్యాకెట్టుకింత నాకియ్యి."

"పని నాకు పెడతాండావా?"

"పనికే దుడ్లిస్తారు మామా. నానేసిన గుడ్డకు ఇంకొంచెం ఎక్కువిస్తారు. నానేసేది వీడియోలో చూపిస్తా, నీ అంగట్లోనే."

అటువైపు చాలాసేపు గొణుగుడు. "యాభై ప్యాకెట్లు చేసి చూస్తాం. పోకపోతే మీ అమ్మే కొనాల" అన్నాడు చివరికి.

శుక్రవారం లైవ్‌కు ముప్పైనలుగురు వచ్చారు. ఇంకెంతోమంది చేరలేకపోయారు. ఒకామెకు చేరే బటన్ కనబడలేదు. ఒకామె భర్త ఫోన్‌కే బ్యాంకు ఖాతా ఉంది, ఆయన పొలం నుంచి రాలేదు. ఇంకొకామె డబ్బు రెండుసార్లు వెనక్కి వచ్చింది. జాస్మిన్‌కు తల పగిలిపోయింది. స్కూలు జీతంలో ఇది నాలుగో వంతు కూడా కాదు. వచ్చే నెల వీళ్లలో ఎందరుంటారో తెలియదు.

శనివారం ప్రిన్సిపాల్ తనే ఫోన్ చేశాడు.

"రాలేను సార్."

"అంత వస్తోందామ్మా దాంట్లో?"

"లేదు సార్, ఇంకా."

ఆయన ఏదో అంటుండగానే ఫోన్‌లో ఫోటో వచ్చి పడింది. తొండూరు నుంచి. ఎవరో ఒకామె గోడ వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. కింద భారతమ్మ మాట: "ఈమె దుడ్లు కట్టింది. వీపు చూడు."

జాస్మిన్ ఫోటో పెద్దది చేసి చూసింది. వీపు మధ్యలో గుడ్డ ఉబ్బి ఉంది. అరంగుళం తీయాలి.