రైలు పట్టాల పక్క ఇంటికి ప్రకటన

ఆ ఆదివారం పొద్దున ఆకాశం వానకు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, నాలుగు చినుకులు రాల్చి, మళ్ళీ మనసు మార్చుకుంది. కామసముద్రంలో తన ఇంటి అరుగు మీద కూర్చున్న ఆవులప్పకు మబ్బు మీద ధ్యాసే లేదు. మధ్యాహ్నానికి బామ్మర్ది నాగేశ్ వస్తాడు, బెంగళూరు ఇంటి తాళాలు అడుగుతాడు. అదొక్కటే ఆయన భయం.

పట్టుగూళ్ళు అమ్మిన డబ్బుతో కొన్న రెండు పడక గదుల చిన్న ఇల్లది. మొన్నటిదాకా అద్దెకున్నవాళ్ళు వెళ్ళినప్పటినుంచీ ఖాళీ. "ఖాళీగా ఉంటే ఇల్లు చెడిపోతాది బావా, నేనుంటాలే" అని నాగేశ్ దయ తలిచాడు. ఈ దయ ఆవులప్పకు కొత్త కాదు. ఒకసారి కాయ కోసేదాకా తోట కాపలా ఉంటానని వచ్చి, మామిడి మళ్ళీ పూతకొచ్చినా గుడిసె వదల్లేదు. పెళ్ళాం తోడబుట్టినవాణ్ణి వద్దనలేడు. అద్దెకు వేరేవాళ్ళు దొరికితేనే గండం గడిచేది.

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సెలవుకు ఇంటికొచ్చిన కూతురు పుష్పావతి, తండ్రి వెబ్‌సైటులో పెట్టించిన పాత ప్రకటనను ఫోనులో చదివింది.

"'తూర్పు వాకిలి. కుటుంబస్తులకు మాత్రమే. గుణవంతులు ఫోన్ చేయవలెను.' ఎంతమంది చేసినారు నాయనా?"

"ఒక్కరూ చేయలే."

"బెంగుళూరులో గుణవంతులు లేరేమో. ఈ ఫోటోలేంది? అన్నిట్లో నువ్వే నిలబడుండావు. ఇల్లు యాడుండాదో కనపడల్లే."

"ఇల్లు ఎవరిదో తెలియొద్దా?"

పెళ్ళాం గురువమ్మ వంటింట్లోంచే నవ్వింది.

పుష్పావతి ఫోటోలన్నీ తీసేసి, ఇల్లు ఖాళీ అయిన రోజు తాను తీసుకున్నవి పెట్టింది. "ఇంత చిన్న ఇంటికి పిల్లాజెల్లా ఉండేవాళ్ళు రారు. మొదటి జీతం చేతికొచ్చి, హాస్టలు తిండి మీద విరక్తి పుట్టిన పిల్లలు వస్తారు. వాళ్ళకు వాకిలి తూర్పో పడమరో పట్టదు. అడ్వాన్సు ఎంత, మెట్రో ఎంత దూరం, పెళ్ళయిందా అని ఓనరు అడుగుతాడా. అంతే."

"అడక్కపోతే ఎట్లా?"

"అడిగితే నాగేశ్ మామే గతి."

కూతురు టకటకా కొట్టి, "విశాలమైన, ప్రశాంతమైన..." అని చదవబోయింది. ఆవులప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"ప్రశాంతమా? వెనకాల రైలు పోతాది కదమ్మా."

"అదెవరైనా రాస్తారా నాయనా?"

"సంతలో ఎద్దు తన్నుతాదని ముందే చెప్పి అమ్మితే, తన్నినప్పుడు కొన్నోడు నవ్వుతాడు. చెప్పకపోతే చొక్కా పట్టుకుంటాడు. ఎద్దును దాచి అమ్మొచ్చు గానీ రైలును యాడ దాస్తావు?"

పుష్పావతి కాసేపు గోరు కొరికింది. బెంగళూరులో తాను మొదట దిగిన గదికి కిటికీ ఉందని రాసినవాడు, అది పక్కింటి గోడలోకి తెరుచుకుంటుందని రాయలేదు. తాను కొట్టిందంతా చెరిపేసింది. చివరికి తయారైంది ఇది:

"మొదటి ఉద్యోగమా? మొదటి ఇల్లా? రెండు గదులు. పెద్దదాంట్లో రెండు మంచాలు పడతాయి. చిన్నదాంట్లో ఒక మంచం, ఒక బల్ల, అంతే. వంటింట్లో పొద్దుటి ఎండ పడుతుంది. మెట్రోకు నడిచి పోవచ్చు. వెనక రైలు పట్టాలున్నాయి, శబ్దం వస్తుంది. నీళ్ళు పొద్దునా సాయంత్రమే, పట్టుకోవడానికి డ్రమ్ము ఉంది. అడ్వాన్సు రెండు నెలల అద్దె. మెయింటెనెన్సు అద్దెలోనే. బ్రోకరు లేడు. మీ పెళ్ళి సంగతి అడగం."

చివరి వాక్యం దగ్గర ఆవులప్ప మూలిగాడు గానీ అడ్డం చెప్పలేదు.

ప్రకటన పెట్టాక ఉలవలు ఉడికేలోగా ఆవులప్ప ఫోన్ మోగింది. ఒకే ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు.

"చిన్న గదిలో నిజంగా ఒక మంచమేనా అండీ?"

"ఒకటే తల్లీ," అన్నాడు ఆవులప్ప.

"పోయినవారం చూసిన ఇంట్లో రెండు పడతాయన్నారు. తలుపు మూసుకోలేదు." వాళ్ళు నవ్వారు. సాయంత్రం పుష్పావతి తిరిగి బెంగళూరు చేరగానే వచ్చి చూస్తామని, నచ్చితే వెంటనే అడ్వాన్సు ఇస్తామని చెప్పారు. పెళ్ళయిందా అన్న మాట ఆవులప్ప నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

అంతలో ఆటో ఆగింది. పరుపు చుట్ట, మిక్సీ, గోడగడియారంతో నాగేశ్ దిగాడు.

"బావా, తాళాలు!"

ఆవులప్ప పెళ్ళాం వైపు చూశాడు. గురువమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, కూతురి ఫోను తీసుకుని తమ్ముడి చేతిలో పెట్టింది. "చదువుకోరా."

నాగేశ్ చదివాడు. రైలు దగ్గర ఆగాడు. నీళ్ళ దగ్గర ఇంకాస్త ఆగాడు.

"పొద్దునే లేచి పట్టుకోవాల్నా అక్కా?"

"డ్రమ్ము నిండేదాకా నిలబడల్ల."

"ఈ సంగతులు నాకు చెప్పనే లేదే బావా!"

"నువ్వు అడగనే లేదే నాగేశా."

నాగేశ్ ఫోను తిరిగిచ్చాడు. "పాపం, ఆడపిల్లలు అడుగుతా ఉంటే... వాళ్ళకే ఇచ్చేద్దాంలే. నేను త్యాగం చేస్తా."

"కాళ్ళు కడుక్కో," అంది గురువమ్మ.

నలుగురూ వరసగా కూర్చున్నారు. పళ్ళేల్లో వేడి రాగిముద్దలు, మీద ఉలవచారు పడ్డాయి. పరుపు చుట్ట అరుగు మీద ఉంది. దాన్ని చూసినవాళ్ళు నవ్వు కనపడకుండా వెంటనే తల వంచుకుని ముద్ద తుంచుకున్నారు. మళ్ళీ చారు కోసం నాగేశ్ పళ్ళెం ముందుకు జరిపాడు. గురువమ్మ వడ్డించింది. అందరూ తిన్నారు.