గైలాన్ మామయ్య అల్లిన మాట

బావి దగ్గర చేద లాగుతూ నా భార్య లుబాబా కళ్లు తిరిగి పడిపోయింది. రజబ్ నెల మొదలైనప్పటి నుంచి రోజూ ఉపవాసమే. పొద్దు గూకాక ఒక్క ఖర్జూరం, గుక్కెడు నీళ్లు. పసిబిడ్డ పోయింది, కాన్పు నీరసమైనా ఇంకా తీరలేదు. బస్రా ఎండ సంగతి సరేసరి.

నీడలో కూర్చోబెట్టి రొట్టె అందించాను. మొహం తిప్పుకుంది.

"ప్రవక్త మాట కన్నా మీ రొట్టె ఎక్కువాండీ? నెలంతా ఇలా ఉంటే స్వర్గంలో డెబ్భై వేల మేడలిస్తారట. ప్రతి మేడ గుమ్మంలోనూ నా పాప నిలబడి ఉంటుందట."

"ఎవరన్నారు?"

"ఇంకెవరు, గైలాన్ మావయ్య!"

గైలాన్ ఆమె మేనమామ. సాయంత్రపు అస్ర్ నమాజు కాగానే మసీదు స్తంభం దగ్గర కూర్చుని కథలు చెబుతాడు. బరువులు మోసేవాళ్లు మూటలు దించి మరీ వింటారు. నేనూ ఎన్నోసార్లు కళ్లు తుడుచుకున్నాను. అంత మంచి మనిషి. కానీ రోగులకు రంజాన్‌లోనే ఉపవాసం వాయిదా వేసుకోమన్న దేవుడు, బాలింతను రజబ్‌లో ఇలా మాడ్చుకోమంటాడా? నా మనసు ఒప్పుకోలేదు. నా మాట ఆమె వినదు. ప్రవక్త మాట కాదని తేలితేనే తింటుంది. లేకపోతే ఈ నెల దాటేలా లేదు.

హదీసులు, అంటే ప్రవక్త మాటలు, సేకరించే షేక్ తుఫైల్ దగ్గరికి వెళ్లాను. ఒక్క మాట సరిచూసుకోవడానికి కూఫా నగరం దాకా నడిచి వెళ్లిన మనిషాయన.

"చిన్న పనికి అంత పెద్ద ఫలమా? వింటేనే అనుమానం వస్తుంది" అన్నాడు. "అయినా అనుమానంతో తీర్పు చెప్పకూడదు. ఎవరి నోట విన్నానంటున్నాడు?"

"కూఫా పండితుడు హుబైష్ గారి నోట."

"హుబైష్ శిష్యులందరి దగ్గరా నేను విన్నాను. ఈ మాట ఒక్కరి దగ్గరా లేదే! పద, అడుగుదాం. మసీదులో వద్దు, మీ ఇంట్లోనే. పెద్దాయన పరువు పోకూడదు."

మామయ్య వచ్చాడు. లుబాబా తెర వెనక కూర్చుంది.

"హుబైష్‌ను ఎప్పుడు కలిశారు?" షేక్ మెల్లగా అడిగాడు.

"మక్కాలో వరదొచ్చిన ఏడు. హజ్‌కు పోతూ కూఫాలో ఆగాను."

"గైలాన్ గారూ, ఆ వరదకు ముందే హుబైష్ పోయారు. ఆయన అంత్యక్రియల నమాజులో నేను ముందు వరుసలో నిలబడ్డాను."

మామయ్య గడ్డం నిమురుకున్నాడు. "అయితే ఆ ముందటేడేమో..."

"ఆ ముందటేడంతా మీరు ఇక్కడే ఉన్నారు కదా మామయ్యా, మా పెళ్లి పనుల్లో" అన్నాను. అనగానే నాకే బాధనిపించింది.

ఆయన తల దించుకున్నాడు. "లుబాబా ఏడుపు చూడలేకపోయాను. ఒక ఆశ కల్పించాను. నేను చెప్తే ఎవరు నమ్ముతారు? అందుకే హుబైష్ గారి పేరు తగిలించాను. ప్రవక్తకు కీడు తలపెట్టి అబద్ధమాడలేదయ్యా. మంచికే కదా!"

"అందరిదీ అదే మాట" అన్నాడు షేక్. "ఖలీఫా పక్షం వాడు ఖలీఫా కోసం హదీసు కల్పిస్తాడు. తెగ మీద ప్రేమున్నవాడు తెగ కోసం, వంకాయలు అమ్మేవాడు వంకాయల కోసం. వాళ్లను పట్టుకోవడం తేలిక. కష్టమంతా మీలాంటి భక్తులతోనే. మిమ్మల్ని చూస్తే అనుమానించబుద్ధి కాదు."

తెర కదిలింది. "మావయ్యా, అది నీ మాటేనా?"

"నా మాటేనమ్మా. తిను తల్లీ, తిను."

"అయితే నా పాప?"

జవాబు షేక్ చెప్పాడు. "బిడ్డను పోగొట్టుకుని ఓర్చుకున్న తల్లికీ, నరకానికీ మధ్య ఆ బిడ్డే అడ్డుగా నిలుస్తుంది. ఇది గట్టి మాటమ్మా. చాలామంది నమ్మకస్తులు చెప్పారు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో నేను చూపించగలను. దీనికి ఉపవాసం అక్కర్లేదు."

లుబాబా చాలాసేపు ఏడ్చింది. తర్వాత రొట్టె అడిగింది. మామయ్యే తుంచి, పాలలో నానబెట్టి తెర కింద నుంచి అందించాడు.

మర్నాడు అస్ర్ తర్వాత ఆయన తన స్తంభం దగ్గర నిలబడి చెప్పేశాడు. "రజబ్ మేడల మాట నేను అల్లింది. ప్రవక్తది కాదు. ఎవరికైనా చెప్పి ఉంటే వెళ్లి వెనక్కి తీసుకోండి." జనం మండిపడ్డారు, ఆయన మీద కాదు, పక్కనే ఉన్న షేక్ మీద. "ముసలాయన్ని బెదిరించావు కదూ!" అంటూ ఒకడు చెప్పు విసిరాడు. మామయ్య అడ్డం వెళ్లాడు. అది ఆయన భుజానికే తగిలింది.

ఇప్పుడాయన మసీదులో కథలు చెప్పడం లేదు. సాయంత్రాలు మా ఇంటికొస్తాడు. లుబాబా ఒంటికి కాస్త రక్తం పట్టింది.

"మావయ్యా, ఒక కథ చెప్పు" అంటుంది.

"ఎవరి దగ్గర విన్నానని అడగవా?"

"ఎవరి దగ్గర?"

"ఎవరి దగ్గరా కాదమ్మా. ఇప్పుడే అల్లుతున్నా" అంటాడు నవ్వుతూ. మేమిద్దరం దగ్గరగా జరిగి వింటాం.