అరవై సెకన్లలో నా పెండ్లి చీర

కోరుట్లలో మా ఆయన అజయ్ పెట్టిన కొత్త చీరల దుకాణానికి గిరాకీ లేదు. అందుకని సిరిసిల్ల చీరలపై ఎనిమిది నిమిషాల వీడియోకి స్క్రిప్టు రాసి నాకు నేనే మురిసిపోయాను.

"అరవై సెకన్ల రీల్‌ల మొదటి మాటకే చూసేటోళ్ల వేలు ఫోన్ మీద జరుగకుంట ఆగాలె. నీ నమస్కారానికే పది సెకన్లు పోయినయ్," అన్నాడు అజయ్.

మగ్గాల చరిత్రంతా కొట్టేశాను. మూడో పేజీలోని వాక్యాన్ని మొదటికి తెచ్చి, నిలువుగా పెట్టిన ఫోన్ ముందు గట్టిగా చెప్పాను: "నా పెండ్లి చీర నాకు నచ్చలే."

ఆ సిరిసిల్ల చీర ఎంచిన అత్తమ్మ వంటింట్లోంచి గరిటెతో ఫ్రేములోకి వచ్చింది. "మరి నిన్న గదే కట్టుకొని ఊరంతా తిరిగితివేందే?"

"కట్టినంక ఇడువబుద్ది కాలే, అత్తమ్మా."

అజయ్ రికార్డింగ్ ఆపలేదు; అదంతా అట్లాగే రీల్‌గా పెట్టేశాడు. నా గొప్ప రచనలో మిగిలింది ఆ ఒక్క వాక్యమే. ఇప్పుడు దుకాణానికి వచ్చినవాళ్లు, "గా నచ్చని చీర చూపియ్యి," అంటున్నారు.