చల్లార్చిన జవాబు

మార్చి పద్నాలుగు. ఆ మధ్యాహ్నం మాస్టారు తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, రెండు బ్రెడ్డు ముక్కలు, ఆఫీసులో అందరూ టపాకాయ అని పిలిచే అమ్మాయి బలవంతం మీద ఆమె డబ్బాలోంచి సగం ఆపిల్. ఆ తేదీ, ఆ తిండి ఆయనకు ఇక మరుపు రాలేదు.

కరెంటు కెటిళ్ళ కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ఆయన పని కోపాలు చల్లార్చడం. తిట్లు తిని తిని ఒళ్ళు మండిన సిబ్బంది ఇంగ్లీషులో అన్నీ క్యాపిటల్ అక్షరాలతో జవాబులు కొడితే అవి ఆయన తెర మీద ఎడమవైపు వచ్చేవి. కుడివైపు ఆయన మెత్తగా తిరగరాసి పంపేవారు. నిందను తీసెయ్, బాధను గుర్తించు, తప్పు ఒప్పుకో, ఏం చేస్తామో ఎప్పుడు చేస్తామో చెప్పు. కోపం పోవాలి గానీ విషయం పోకూడదు. కొత్తవాళ్ళకు ఈ మాట నేర్పింది కూడా ఆయనే.

అందరిలోకీ గట్టిగా అరిచేది టపాకాయ. చేరి ఐదు నెలలు. ఆరో నెల గడిస్తే ఉద్యోగం ఖాయం. ఆమె తలుపు వేస్తే పక్క గదిలో గ్లాసులు కదిలేవి.

ఆ మధ్యాహ్నం ఆమె చిత్తు ఇలా వచ్చింది: "ఎన్నిసార్లు చెప్పాలి? ఇది మీ నాలుగో ఉత్తరం! కాలిన వాసన వస్తోందని రాసేదీ మీరే, రోజూ వాడేదీ మీరే! బుర్ర పనిచేస్తోందా? ప్లగ్గు పీకండి! మళ్ళీ పెట్టకండి!"

"ఏంటమ్మా, ఇవాళ పిడుగులు కురిపిస్తున్నావ్?"

"చెవిటివాడి ముందు శంఖం, బాబాయ్! మీరే కాస్త వెన్న రాయండి."

మాస్టారు నవ్వుకుంటూ వెన్న రాశారు. "నాలుగోసారి రాయాల్సి వచ్చిందంటే మీరెంత విసిగిపోయారో అర్థమవుతోంది. తప్పు మాదే. గురువారం ఉదయం పది గంటలకు మా మెకానిక్ మీ ఇంటికి వస్తారు. అంతవరకు నిశ్చింతగా ఉండండి."

మొత్తం అరుపే అయినచోట నిజంగా అరిచి చెప్పాల్సిన ఒక్క మాట ఆయన కంటికి ఆనలేదు. మేనేజర్ మాత్రం ఆ జవాబు చూసి మురిసిపోయి, ట్రైనింగులో చూపించమన్నాడు.

శుక్రవారం ఆ కస్టమర్ నుంచి ఉత్తరం వచ్చింది. తిట్లు లేవు. "బుధవారం సాయంత్రం కెటిల్ అడుగు పేలి, మరిగే నీళ్ళు మా అమ్మ చేతి మీద పడ్డాయి. మోచేయి దాకా తోలు ఊడింది. మీ ఉత్తరం చదివాక ఇంట్లో అందరికీ భయం పోయింది. అందుకే వాడాం."

మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, లేచి మేనేజర్ గదిలోకి వెళ్ళారు.

"తప్పు నాది సార్. ఆ పిల్ల ప్లగ్గు తీయమని రాసింది. నేను ఎగరగొట్టాను."

"మీ జవాబు కంపెనీ జవాబు మాస్టారూ. అది తప్పని ఎలా అంటాం? ఆ చిత్తు చూడండి, కస్టమర్‌కి బుర్ర లేదంటుందా! ఆ పిల్లని ఇవాళే పంపించేద్దాం."

మేనేజర్ తన కంప్యూటర్ ఆయన వైపు తిప్పాడు. టపాకాయకు రాసిన ఉత్తరం. అన్నీ క్యాపిటల్ అక్షరాలే. పొగరుబోతు, పనికిమాలినది, రేపట్నుంచి గుమ్మం తొక్కొద్దు.

"కాస్త చల్లార్చి ఇవ్వండి."

"నేను రాయను సార్."

"సరే, ఉన్నదున్నట్టే పంపుతా."

 మాస్టారు కూర్చుని రాశారు. నిందలు తీసేశారు. ఆమె కష్టానికి కృతజ్ఞతలు చెప్పారు. చివర ఒక వాక్యం చేర్చారు: "మీరు చేసిన హెచ్చరిక సరైనది. దాన్ని తీసేసింది మేము." మేనేజర్ మిగతాదంతా మెచ్చుకుని ఆ ఒక్క వాక్యం చెరిపేశాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక టపాకాయ కాగితం పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"మీరే రాశారు కదా బాబాయ్? మొదటిసారి చదివి ప్రమోషన్ అనుకున్నా. మూడోసారికి గానీ తెలీలేదు, తీసేశారని."

"తీసేశారమ్మా. నా వల్ల. ప్లగ్గు పీకమన్న నీ మాట నేనే కొట్టేశాను. ఆ ఇంట్లో పెద్దావిడ చెయ్యి కాలిపోయింది."

 తిడుతుందని ఆయన ఎదురుచూశారు. తిడితే బాగుండునని కూడా అనుకున్నారు.

"ఎంత కాలింది?"

"మోచేయి దాకా."

ఆమె తన డబ్బాలో మిగిలిన ఆపిల్ ముక్కలు ఆయన బల్ల మీద పెట్టి, సంచి భుజాన వేసుకుని, చివరి లైటు ఆయన కోసం ఆర్పకుండా వదిలి బయటికి నడిచింది. ఐదు నెలల్లో మొదటిసారి, తలుపు చప్పుడు కాకుండా వేసింది.