మూడు నుంచి తొమ్మిదికి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. కోపం ఉన్నమాట నిజమే. ముక్కే పనిచెయ్యలేదని ఆ నెల్లో తేలింది.

షాపులోకి అడుగుపెట్టినవాళ్లకి ఏం కనపడాలి, ఏం వినపడాలి, చేతికేం తగలాలి, ఏ వాసన రావాలి, ఇవన్నీ కుదర్చడం నా పని. మా పిన్ని తన దుప్పట్లు, తువ్వాళ్ల షాపు నా చేతుల్లో పెట్టింది. తలుపు పిడికి ముతక నూలు చుట్టించాను. పసుపు వెలుతురు పెట్టించి, రంగులు చూసుకునే బల్ల మీద మాత్రం తెల్ల లైటు ఉంచాను, లేకపోతే ఇంటికెళ్లాక తెల్ల దుప్పటి వేరే రంగులో కనపడుతుంది. పాట మనుషుల మాట కంటే తగ్గించి పెట్టాను. ఇక ఏసీ గొట్టంలోంచి సన్నగా ఒక వాసన, ఎండలో ఆరిన బట్టది. వాసన యంత్రాన్ని మూడు మీద పెట్టాను. ఎక్కణ్ణించి వస్తోందో తెలియకూడదు, బాగుందని మాత్రం అనిపించాలి.

రెండు వారాలు అక్కడే కూర్చున్నాను. రోజూ మధ్యాహ్నానికల్లా వాసన రావట్లేదనిపించేది. మూడుని నాలుగు చేశాను, నాలుగుని ఆరు చేశాను.

"వాసన మరీ ఎక్కువైందమ్మాయ్, తల పట్టేస్తోంది" అంది పెద్దక్క. పద్దెనిమిదేళ్లుగా ఆ షాపులో అమ్మేది ఆవిడే, పనివాళ్లంతా పెద్దక్క అనే పిలుస్తారు. ఎవరొచ్చినా తువ్వాలు మడత విప్పి వాళ్ల చేతిలో పెట్టి, "ముందు చెంపకి ఆనించి చూడండి" అంటుంది.

"మీకు అలవాటు లేక అలా ఉంది. నాకసలు రావడమే లేదు" అన్నాను.

ఆవిడ తలుపు ఓరగా తీసి పెట్టేది, నేను విసురుగా వేసేసేదాన్ని. ఇలా మూడుసార్లయింది. మూడోసారి కొనేవాళ్ల ముందే, "మీ పని మీరు చూసుకోండి, నా పనిలో వేలు పెట్టకండి" అనేశాను. ఆవిడ తువ్వాలు మడతపెట్టుకుంది.

ఈలోగా వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతున్నారు. పిన్ని కంగారుపడి నన్నడిగింది. నేనేం చెప్పానో ఇప్పుడు రాయాలంటే చెయ్యి రావట్లేదు. "పెద్దక్క మనుషుల మీద పడిపోతోంది పిన్నీ, వాళ్లని చూసుకోనివ్వదు. లోపల సరుకు గదిలో వెయ్యి" అన్నాను. మర్నాటి నుంచి ఆవిడ కిటికీ లేని గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చుంది.

తర్వాత వేరే ఊళ్లో పనుండి నాలుగు రోజులు వెళ్లాను. తిరిగొచ్చి, ఉదయాన్నే తలుపు తీశానో లేదో, వాసన గొంతు పట్టుకుంది. కళ్లు మండాయి. యంత్రం తొమ్మిది మీద ఉంది, వెళ్లేముందు తిప్పింది నేనే. ఒకే వాసనలో గంటసేపు కూర్చుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, అందుకే బయటి గాలి పీల్చుకొచ్చి గుమ్మంలో నిలబడి చూడాలి. ఈ పాఠం నేను పదిమందికి చెప్పినదాన్ని. నా మొహం మండా.

ఎవరూ రాకముందే గబగబా మూడుకి తిప్పేసి, తలుపులన్నీ బార్లా తీశాను. ఎవరితోనూ అనలేదు. దొంగకీ నాకూ తేడా లేదు.

వారం తిరిగేసరికి జనం నిలబడి చూడటం మొదలెట్టారు. పిన్ని నా భుజం తట్టి, "నువ్వన్నట్టే పెద్దక్కని లోపల వేశాకే బాగుపడిందే" అంది. తల కొట్టేసినట్టయింది. అయినా అసలు సంగతి చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఏదో వంకతో సరుకు గదిలోకెళ్లాను. పెద్దక్క చీటీలు అంటిస్తోంది.

"యంత్రం తగ్గించావుగా" అంది తలెత్తకుండా.

"మీకెలా తెలుసు?"

"వారం నుంచి నువ్విటొస్తే నీ బట్టలు వాసన కొట్టట్లేదు. మంచిపని చేశావమ్మా, జనానికి హాయిగా ఉంటుంది."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడకి అంతా తెలిసి, వారం రోజులుగా నేను చెబుతానేమోనని చూస్తూ ఆ పెట్టెల మధ్యే కూర్చుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని షాపులోకి తీసుకొచ్చాను. కొనేవాళ్లు నలుగురున్నారు, పనివాళ్లున్నారు, గల్లా దగ్గర పిన్ని ఉంది. కొనేవాళ్ల ముందే తిట్టాను కాబట్టి కొనేవాళ్ల ముందే చెప్పాను, యంత్రం సంగతి, తొమ్మిది సంగతి, నెపం ఆవిడ మీదికి తోసిన సంగతి.

"అక్కడే కూర్చుని కూర్చుని ముక్కు మొద్దుబారిపోయింది పిన్నీ" అన్నాను చివరికి.

పిన్ని గల్లా పెట్టె మూసి నా వైపు తిరిగింది.

"ముక్కు సరేనే. ఆవిడ చెప్పినప్పుడు చెవులేమయ్యాయి?"

పెద్దక్క అప్పటికే బల్ల దగ్గరికి వెళ్లి, ఎవరికో తువ్వాలు మడత విప్పుతోంది.